ఆపా చెప్పిన మనిషి

మా ఆయన పోయాక ఆ ఏడాదంతా నాకు ఒక్క శుభలేఖ కూడా రాలేదు. చావు జరిగిన ఇంటికి ఏడాది తిరిగేదాకా పసుపు రాసిన కార్డు తీసుకురారు. అది పద్ధతి, నాకు బాధ లేదు. ఒక రకంగా సుఖమే. ఫంక్షన్ హాల్లో స్పీకరు పక్కన కూర్చుని, ఎదుటివాళ్లు ఏమడిగారో వినపడకుండానే తల ఊపాల్సిన పని తప్పింది. ఇబ్రహీంపట్నంలో మా ఇంటి వరండాలో కుర్చీ వేసుకుని చదువుకునేదాన్ని. శాఖా గ్రంథాలయంలో పనిచేసి రిటైరైనదాన్ని కనుక చూసినవాళ్లు కొందరు దాన్ని దుఃఖం అనుకున్నారు, కొందరు అలవాటు అనుకున్నారు. రెండూ నిజమే.

పరామర్శకు వచ్చినవాళ్లు మా ఆయన ఓపికను చాలా మెచ్చుకున్నారు. ఆయనకు ఓపిక లేదు. గ్యాసు లైటరు రెండోసారికి వెలగకపోతే కిటికీలోంచి విసిరేసేవాడు. పెరట్లో వెతికి తెచ్చుకోవడం నా పని. కానీ పోయినవాళ్ల గురించి ఎవరేం చెప్పినా దిద్దడం మర్యాద కాదు. తల ఊపాను. అలవాటున్న పనే.

ఆపా మాత్రం ఓపిక గురించి మాట్లాడలేదు. పదకొండో రోజు భోజనాలకు వంటాయనను, టెంటును, నీళ్ల ట్యాంకరును ఆమే మాట్లాడిందని నాకు తర్వాత తెలిసింది. ఆ రోజుల్లో ఎవరు ఏది తెచ్చారో చూసే స్థితిలో నేను లేను. అంతా అయిపోయాక ఒక మధ్యాహ్నం గేటు తీసుకుని వచ్చి, "చెల్లె, నీ వరండల ఫ్యాన్ తిరుగుతదా?" అని అడిగింది. తిరుగుతుందన్నాను. మర్నాటి నుంచి ఆమె మధ్యాహ్నాలు మా వరండాలోనే గడిచాయి.

ఆపా అంటే ఉర్దూలో అక్క. ఊరంతా అలాగే పిలిచే ఈమె గాజులమ్మే మనిషి. మా ఇంటికి రెండిళ్ల అవతల ఉంటుంది. వాళ్ల అత్తగారి నుంచి వచ్చిన పని. గాజులన్నీ తాడుకు గుచ్చి కట్టిన బరువైన మలారాన్ని భుజాన వేసుకుని, అటు యాచారం దాకా, ఇటు కందుకూరు దాకా ఊళ్లు తిరిగింది. పెళ్లికూతుళ్లకు, సీమంతాలకు, చీరలు కట్టించే పిల్లలకు గాజులు తొడిగింది. డజను తొడిగాక పైన ఒకటి ఊరికే తొడుగుతుంది. దాన్ని కొసరు అంటుంది.

గాజులు తొడిగించుకునేటప్పుడు చెయ్యి కదపకూడదు. చెయ్యి కదలకపోతే నోరు కదులుతుంది కాబోలు, ఆడవాళ్లు ఆమెకు అన్నీ చెప్పేవారు. ఏ ఇంటి వంటలో అన్నం ముద్దయింది, ఏ టెంటు గాలికి లేచిపోయింది, ఏ ఫోటోలాయన పెళ్లికొడుకు మేనమామతో కొట్లాడాడు, ఏ వంటాయన పొద్దున మంచివాడు, సాయంత్రం కాడు. ఆపా ఇవన్నీ విని ఊరుకునేది. ఇంకో ఊళ్లో ఎవరైనా, ఆపా, వంటకు ఎవరిని పెట్టమంటవ్ అని అడిగితే ఒక్క పేరు చెప్పేది. రెండు చెప్పేది కాదు. రెండు చెప్తే, ఎంచుకున్నది వాళ్లవుతారట, తిట్లు మాత్రం తనకు పడతాయట. ఊళ్లలో 'ఆపా చెప్పిన మనిషి' అంటే ఇంక వేరే విచారణ ఉండేది కాదు.

ఇప్పుడు ఆమె మోకాళ్లు అరిగాయి. బరువు మోయొద్దని, మెట్లు ఎక్కొద్దని దవాఖానలో చెప్పారు. కోడలు ఫ్యాన్సీ స్టోర్‌లో పనికి వెళ్తుంది. అక్కడ అమ్మేదీ గాజులే. ఆపాకు అది పుండు మీద కారం. మలారం ఇంట్లో మేకుకు వేలాడుతోంది, ఆపా మా వరండాలో కూర్చుంది, ఫోను మాత్రం మోగుతూనే ఉంది. "ఆపా, కొత్తింటి దావత్ ఉంది, టెంటాయన నంబరియ్యి." ఇచ్చేది. "ఆపా, పూలాయన ఫోనెత్తుతలేడు." ఆమె చేస్తే ఎత్తేవాడు.

ఒకరోజు టెంటాయన మా గేటు దగ్గర బండి ఆపి మిఠాయి డబ్బా ఇచ్చిపోయాడు. ఆ నెలలో ఆపా అతనికి చాలా ఇళ్లు చెప్పింది. ఆపా డబ్బా తెరిచి, బాదుషా ఒకటి నాకిచ్చి, మంచోడు, గుర్తు పెట్టుకున్నాడు అంది.

"ఆపా, నువ్వు తింటున్నది నీ జీతం" అన్నాను.

ఆమె నమలడం ఆపింది. నేను చెప్పదలుచుకున్నది ఇది. షాపు అక్కర్లేదు, పెట్టుబడి అక్కర్లేదు, మలారం మొయ్యక్కర్లేదు. ఇన్నేళ్లు తిరిగి సంపాదించిన మాటను ఆమె ఫోనులో ఊరికే పంచిపెడుతోంది. పని దొరికినవాళ్లు తమ కూలిలోంచి కొంత ఆమెకు ఇవ్వడం అన్యాయం కాదు.

"అంటే దలాల్ గావాల్నా?" అంది ఆపా.

మా ఊళ్లో ఆ మాటకు ఒకటే అర్థం. ప్రతి టీకొట్టు ముందూ తెల్లచొక్కాలతో ఇద్దరు ముగ్గురు నిలబడి, ఫోనులో లేఅవుట్ బొమ్మ చూపిస్తుంటారు. ఫార్మాసిటీకి భూములు తీసుకుంటారన్న మాట పుట్టినప్పటి నుంచి ఎద్దులు కాసిన వాళ్లూ, ఎరువులు అమ్మినవాళ్లూ అందరూ దలాల్లే. మేం మాట్లాడుకుంటున్న ఆ వారంలోనే ఒకతను ఆపా దగ్గరికి వచ్చాడు. యాచారం వైపు రైతుల ఇళ్లు నీకు తెలుసు కదా, కాస్త పరిచయం చెయ్యి, నీ వాటా నీకు అన్నాడు. ఆ వాటా వింటే నాకు కూడా ఒక్క క్షణం కళ్లు తిరిగాయి.

"గాజు పగిల్తే ఇంకోటి తొడుగుత బిడ్డ" అంది ఆపా అతనితో. "భూమి పోతే ఏం తొడుగుత?"

అతను పోయాక నా వైపు తిరిగి, సరే, టెంట్లకూ వంటలకూ అయితే చూద్దాం అంది. పగిలినా మళ్లీ తొడగగలిగినవి అయితే ఫరవాలేదన్న మాట.

పద్ధతులు వరండాలోనే తేల్చుకున్నాం. డబ్బు మా చేతుల మీదుగా పోకూడదు. అడ్వాన్సు ఇంటివాళ్లు నేరుగా పనివాడికే ఇవ్వాలి. పని అయ్యాక, అతనికి లెక్క ముట్టాక, అతని కూలిలోంచే మాకు ఇవ్వాలి. ఇంటివాళ్ల దగ్గర ఒక్క రూపాయి తీసుకోకూడదు. ఆపా పని చూడని మనిషిని, బంధువైనా సరే, చెప్పకూడదు. ఇవన్నీ ఆమెకు వెంటనే నచ్చాయి. ఒక్కదాని దగ్గరే తగువు వచ్చింది. మనకు పనివాడు ఇస్తాడన్న సంగతి ఇంటివాళ్లకు ముందే చెప్పాలన్నాను.

"చెప్తే తలుపు మూస్తరు" అంది ఆపా.

చెప్పకపోతే తెలిసినరోజు మూస్తారన్నాను. అడిగితే అబద్ధమాడను, అడగకపోతే చెప్పను అంది. పేరు ఆమెది, ఫోను ఆమెది. నాది ఫ్యాను. ఆమె మాటే నెగ్గింది.

నా వాటా వద్దన్నాను, పింఛను ఉంది కదా అని. అలా అయితే నువ్వు భాగస్తురాలివి కావు, నీ మాట ఎందుకు వినాలి అంది. చివరికి ఫ్యాను కరెంటు ఆమె కట్టేట్టు ఒప్పుకున్నాను.

నా పని వాట్సాప్. నగరంలో ఉండి ఇక్కడ ఫంక్షన్ చేసుకునేవాళ్లు పూల డెకరేషన్ ఫోటోలు అడుగుతారు, లొకేషన్ పంపమంటారు. అవి నేను చూసేదాన్ని. ఫోన్లు మాట్లాడే పని కూడా కొన్నాళ్లు ఇచ్చింది. కోహెడలో ఉండే వంటాయనకు చేసి, "నమస్కారం, రేపటి కార్యక్రమానికి సంబంధించి తమతో రెండు నిమిషాలు మాట్లాడవచ్చునా?" అన్నాను. లోను వద్దని పెట్టేశాడు. మళ్లీ చేస్తే, క్రెడిట్ కార్డు కూడా వద్దన్నాడు. తర్వాత ఆ పని ఆపా వెనక్కి తీసుకుంది.

ఆమె ఎలా మాట్లాడుతుందో పక్కన కూర్చుని విన్నాను. ఫంక్షన్‌కు ముందురోజు అందరికీ ఫోను చేస్తుంది. రేపు వస్తున్నావా అని అడగదు. అలా అడిగితే రానివాడు కూడా వస్తున్నాననే అంటాడు. వంటాయనను, చింతపండు ఎంత నానబెట్టినవ్ అంటుంది. టెంటాయనను, బండిలో ఏమేం ఎక్కించినవ్ అంటుంది. నిజంగా పని మొదలుపెట్టినవాడు వెంటనే చెప్తాడు. తడుముకున్నాడంటే ఆమె ఫోను పెట్టేసి ఇంకొకరికి చేస్తుంది. పని అయిన మర్నాడు ఇంటావిడకు చేసి, "ఏమన్న తక్కువైందా బిడ్డ?" అని అడుగుతుంది. అది కొసరు గాజు లాంటిదే. దానికి ఎవరూ డబ్బివ్వరు. కానీ దాని కోసమే మళ్లీ ఫోను చేస్తారు.

కొన్ని నెలలు బాగా జరిగింది. పనివాళ్లు అడగకుండానే వచ్చి ఇచ్చిపోయేవారు. ఆపా ఆ డబ్బును వెంటనే కొంగుకు ముడేసుకునేది కాదు, పర్సులో పెట్టుకునేది కాదు, ముందు కాసేపు చేతిలో పట్టుకుని కూర్చునేది. ఇంకా ఎవరికో ఇవ్వాల్సినదానిలా.

అప్పుడు యాచారం ఫంక్షన్ వచ్చింది. అక్కడి ఒక రైతు ఇంట్లో పెద్దపిల్లకు చీరలు కట్టించారు. ఆ పిల్ల తల్లికి పెళ్లిగాజులు తొడిగింది ఆపాయే. వంటకు కోహెడాయనను చెప్పింది. అతని చేతివంటకు పేరుంది. అంతకంటే ముఖ్యం, అతను రాసిచ్చే సామాన్ల చిట్టీ ఉబ్బదు. చాలామంది వంటవాళ్లు నూనె, బియ్యం ఎక్కువ రాసి, కిరాణా షాపులో తమ భాగం తీసుకుంటారు. ఇతను రాయడు.

భోజనాలు బాగా జరిగాయి. బగార అన్నం మెతుకు మెతుకు విడివిడిగా వచ్చిందట. అంతా అయ్యాక వాకిట్లో లెక్క చూసుకునేటప్పుడు, అలవాటు ప్రకారం ఇంటావిడ కూలి కొంత తగ్గించమంది. వంటాయన అలవాటు ప్రకారం తగ్గించనన్నాడు. ఆమె మళ్లీ అడిగింది. అందరి ముందూ అతను, ఆపాకు ఇచ్చేది ఉన్నదమ్మా, అందుకే తగ్గదు అన్నాడు.

ఈ సంగతి మర్నాడు అతనే మా వరండాలో కూర్చుని, టీ తాగుతూ, తెలివిగా బేరం తప్పించుకున్న కథలా చెప్పాడు. ఆపా చేతిలో అతనిచ్చిన డబ్బుంది. ఆమె దాన్ని అరుగు మీద పెట్టేసింది.

"నా పేరు చెప్పినవా?"

"నీ పేరు చెప్తెనే గదా ఆపా ఊకున్నది" అన్నాడు వంటాయన.

ఆ రోజు ఆపా యాచారం ఇంటావిడకు ఫోను చేయలేదు. ఏమన్న తక్కువైందా అని అడగకపోవడం అదే మొదటిసారి. అడిగితే ఏం జవాబు వస్తుందోనని భయం. పేరు పోయింది చెల్లె అంది. పోలేదని నేను చెప్పలేకపోయాను, ఎందుకంటే ఫోను నిజంగానే మోగడం మానేసింది.

ఒకరోజు, రెండు రోజులు కాదు, వారం గడిచింది. ఆపా ఫోనును ఒళ్లో పెట్టుకుని కూర్చునేది. పాడైందేమో చూడమని నాతో ఫోను చేయించేది. మోగేది. "మోగుతది గని, నువ్వే గద" అని నిట్టూర్చి పెట్టేసేది. కందుకూరు నుంచి ఒక ముస్లిం కుటుంబం బిడ్డ పుట్టిన వేడుకకు, అఖీఖాకు, వంటాయన కావాలని చేస్తే, మనోళ్లు కనుక మొహమాటానికి చేశారంది. ఆ తర్వాత ఒకరు బోరు మోటారు మెకానిక్ కోసం చేస్తే, మోటారు కాలిపోయినవాడికి రోషం ఎక్కడుంటుంది అంది. వచ్చిన ప్రతి ఫోనుకూ, అది లెక్కలోకి రాకపోవడానికి ఆమె దగ్గర ఒక కారణం ఉండేది.

పని మానేస్తానంది. గాజులు తొడిగిన ఇంటికి దలాల్‌నై మళ్లీ ఎట్లా పోతానంది. డబ్బు గురించి ఆమె ఒక్కసారి కూడా అనలేదు. యాచారంలో ఆ ఇంటి గడప దాటగలనా లేదా, అదొక్కటే ఆమె బెంగ. పోయి అడిగితే తెలుస్తుందన్నాను. మా ఆయన పోయినప్పటి నుంచి నేను ఎవరింటికీ పోలేదు. ఆ సలహా ఇస్తున్నది ఎవరో అన్నట్టు ఆపా నన్ను చూసి, నువ్వు గూడ రా అంది.

బస్సులో పోయాం. ఆపా బురఖా మీద చిన్న మలారం వేసుకుంది. మోకాళ్లు, దవాఖాన అని గుర్తు చేశాను. చేతులు ఊపుకుంటూ పోతే అడుక్కోవడానికి వచ్చినట్టుంటుందంది. దారిపొడవునా ఏం చెప్పాలో తనలో తను అనుకుంటోంది. దర్గా దగ్గర బస్సు ఆగితే కిటికీలోంచే చెయ్యెత్తి మొక్కింది.

యాచారం ఇంటావిడ వాకిట్లో చాప వేసుకుని చింతపండు గింజలు తీస్తోంది. మమ్మల్ని చూసి లేవలేదు. పక్కనున్న చేటలు రెండు మా వైపు జరిపింది. అది కోపమో ఆదరణో నాకు అర్థం కాలేదు. కూర్చుని మేమూ గింజలు తీశాం.

కొంతసేపటికి ఆపా మొదలుపెట్టింది. "బిడ్డ, నేను తప్పు చేసిన. వంటాయన దగ్గర తీస్కున్న."

"అవ్, తీస్కుంటవ్ గద" అంది ఆవిడ, గింజ తీస్తూ.

"ఎరుకేనా?"

"ఎవరికి ఎరుక లేదు?"

"ఎప్పటి సంది?"

"నా పెండ్లప్పటి సంది. మా అమ్మనే చెప్పింది. ఆపాకు టెంటాయన ఇస్తడు, వంటాయన ఇస్తడు, గని మనిషిని మాత్రం మంచోన్ని తెస్తది అన్నది."

ఆపా చేతిలో చింతపండు అలాగే ఉండిపోయింది. తప్పు ఒప్పుకోవడానికి వచ్చిన మనిషి ముఖంలో ఆ క్షణం నుంచి వేరే మనిషి కనిపించింది. నీ పెళ్లికి నేను ఒక్క రూపాయి ముట్టలేదంది. ఆవిడ, పోనీ తీయ్ ఆపా, ఇప్పుడు ఎవరడిగారంది. అడగకపోవడమేమిటి, ముట్టలేదు, ఖసం, ఒట్టు అంది ఆపా. ముట్టినా తప్పేం లేదంది ఆవిడ. ముట్టలేదు కదా అంది ఆపా. ఈ ఏడాదే మొదలైంది, ఈ చెల్లెను అడుగు అని నన్ను చూపించింది.

అవును, ఈ ఏడాదే మొదలైంది, అంతకుముందు అన్నీ ఊరికే చేసింది అని నేను సాక్ష్యం చెప్పాను.

"నువ్వు ఆమె పార్ట్‌నర్‌వి గదక్క" అంది ఆవిడ.

నేను మళ్లీ చింతపండు మీదికి వంగాను. కోర్టుల్లో నాలాంటి సాక్షిని ఏం చేస్తారో తెలియదు.

ఆపాకు కోపం వచ్చింది. ఇన్నేళ్లు నేను దొంగనని తెలిసి ఎందుకు పిలిచినవ్ అని అడిగింది. ఆవిడ చేట కింద పెట్టి, మొదటిసారి ఆపా ముఖంలోకి చూసింది. కోపం లేదని తను అబద్ధం చెప్పనంది.

"గది కమీషన్ మీద గాదు. భూములని చెప్పి మా గడపకు ఎంతమంది రాలె? ఊకె వచ్చినోడు ఒక్కడు లేడు. నువ్వు గూడ ఊకె చేస్తలెవ్వనే అనుకున్న. గని మా ఆడబిడ్డల ముందట, వంటాయన నీ పేరు చెప్పి నా నోరు మూయించిండు. అండ్ల నీకెంత పోతదో ముందే ఎరుకుంటే నేను గట్లనే బేరమాడుదు. తీస్కో ఆపా, గని నాకు చెప్పి తీస్కో. నాకు బేరమాడే జాగ ఉంచు."

నేను వరండాలో ఓడిపోయిన తగువే ఇది. ఆవిడ చెప్పినంత బాగా నేను చెప్పలేదు. నేను న్యాయం గురించి మాట్లాడాను. ఆవిడ బేరం గురించి మాట్లాడింది.

ఆపా చేతిలోని చింతపండు చేటలో వేసింది. తర్వాత చిన్నగా, నువ్వు ఒక్కదానివి కోపం చేస్తే సరే, అందరూ ఫోన్లు ఎందుకు బంద్ చేశారంది.

"ఎవలు బంద్ చేసిన్రు?"

"అందరు. దావత్ అని ఒక్క ఫోన్ వస్తలేదు."

ఆవిడ మమ్మల్నిద్దర్నీ మార్చి మార్చి చూసింది. "మూఢం గద ఆపా."

మా బిడ్డ ఫంక్షనే ఆఖరి ముహూర్తం, అందుకే అంత తొందరగా చేశాం, మూఢం పోయేదాకా ఊళ్లో కొబ్బరికాయ కొట్టేవాడు లేడని చెప్పింది. ఆపా నావైపు చూసింది. నేను చింతపండు వైపు చూశాను. నా సంగతి సరే, శుభలేఖలు రాని ఇంట్లో ఉన్నదాన్ని, ముహూర్తాలు ఉన్నాయో లేవో పట్టించుకోలేదు. ఆపా అలా కాదు. పెళ్లయినప్పటి నుంచి పంతుళ్ల కంటే ముందు మూఢం ఎప్పుడో కనుక్కుని, దాన్నిబట్టి గాజులు కొనేది. ఆ మనిషి వారంపాటు మూఢాన్ని తన మీద కోపమనుకుని కూర్చుంది.

ముందు నవ్వింది ఇంటావిడే. లోపలికి పోయి నీళ్లు తెచ్చింది, టీ పెట్టింది, చెయ్యి చాపి గాజులు తొడగమంది. మూఢంలో గాజులా అన్నాను. గాజులకు మూఢం ఏంటక్కా అన్నారిద్దరూ ఒకేసారి. ఆపా డజను తొడిగింది, పైన ఒకటి తొడిగింది. డబ్బు తీసుకుంది.

తిరుగు బస్సులో సంతోషంగా ఉంటుందనుకున్నాను. ముఖం గంటు పెట్టుకుని కూర్చుంది.

"ఇన్నేండ్లు ఊకె చేసిన చెల్లె. ఎవ్వరు నమ్మలే. గట్లయితే తీస్కునేటిదుంటిని."

వాళ్లు నమ్మింది నువ్వు డబ్బు తీసుకోవని కాదు, నువ్వు చెప్పిన మనిషి అన్నం ముద్ద చేయడని, అది నిజమే కదా అన్నాను. అది ఆమెకు ఓదార్పు కాలేదు. చేసిన మంచి ఎవరి లెక్కలోకీ రాలేదన్నది ఆమె బాధ. నాకు మా ఆయన ఓపిక గుర్తుకొచ్చింది. ఆయనకు లేని ఓపికను ఊరంతా మెచ్చుకుంది. ఈమె తీసుకోని డబ్బును ఊరంతా క్షమించింది. మనిషి బతికుంటే కనీసం బస్సులో కూర్చుని పక్కవాళ్లతో తగువు పెట్టుకోవచ్చు. ఆపా ఇబ్రహీంపట్నం వచ్చేదాకా పెట్టుకుంది.

మర్నాడు కోహెడ వంటాయనను పిలిపించింది. నా పేరు నీ రేటులో కలపొద్దంది. ఇకనుంచి కూలి ఎంతో ముందు మాకు చెప్పాలి. ఇంటివాళ్లకు ఆ కూలీ, అందులోంచి ఆపాకు వచ్చేదీ, రెండూ ఆపాయే చెప్తుంది. బేరం వాళ్లూ వాళ్లూ ఆడుకోవాలి. చెప్తే మర్యాద పోతుందని అతను గొణిగాడు. ఇన్నాళ్లూ ఉన్న మర్యాద ఏమిటో నిన్ననే చూసొచ్చానంది ఆపా. మూఢం పోయాక వచ్చిన మొదటి ముహూర్తానికి అతన్ని కాదని ఇంకొకతన్ని చెప్పింది. రెండోదానికి అతన్నే చెప్పింది, చిట్టీ ఉబ్బనివాళ్లు తక్కువ కనుక.

ఫోను మళ్లీ మోగింది. మొదటిది కందుకూరు నుంచి, కొత్తింటి దావత్. ఆపా మాటను ముందే కూర్చి పెట్టుకుంది. స్పీకరు పెట్టి, చదివినట్టు చెప్పింది: వంటాయన తన కూలిలోంచి నాకు ఇంత ఇస్తాడు, అది నీ మీద వేస్తే నాకు ఫోన్ చెయ్యి, బేరం నువ్వే ఆడుకో.

"గదంత ఎరుకే ఆపా" అన్నాడు అవతలి మనిషి. "ఆయన తాగుతడా తాగడా, గది చెప్పు."

"తాగడు. ఇంకో మాట కొడుకా, ఇదివరకు నేను తీస్కోకపోతుండె..."

అతను అప్పటికే పెట్టేశాడు. ఆ తర్వాత ఎవరు చేసినా చివర ఆ మాట చెప్పబోయేది. ఒక్కరూ పూర్తిగా వినలేదు.

మా ఆయన సంవత్సరీకం దగ్గరపడింది. ఒక మధ్యాహ్నం ఆపా నా ఎదుటే, అదే ఫ్యాను కింద కూర్చుని, గొంతు సవరించుకుంది. భోజనాలకు కోహెడాయనను మాట్లాడానంది. ఎంతమందికో, కూలి ఎంతో చెప్పింది. అందులోంచి తనకు ఎంతో కూడా, అందరికీ చెప్పినట్టే చెప్పింది. బేరం నువ్వే ఆడుకో అంది.

ఫోను చేసి బేరమాడాను. ఈసారి లోను మనిషి అనుకోలేదు. అయినా తగ్గించలేదు.

ఫోను పెట్టాక ఆపా నా చేతి మీద చెయ్యి వేసింది. "చెల్లె, ఈ ఒక్కదానికి నేను తీస్కోను. అన్న కోసం."

"తీసుకో ఆపా" అన్నాను. "తీసుకోలేదంటే ఎవరు నమ్ముతారు?"

గదీ నిజమే అంది. తర్వాత లేచి, ఫ్యాను కొంచెం జోరు పెంచి వచ్చి కూర్చుంది. కరెంటు ఆమెదే కదా.